ముందు కాళ్లు చూడాలి: కోడి ఫొటోల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చెల్లెలు ఒక చిన్న ప్రోగ్రాం రాస్తోంది. ఫొటో ఇస్తే అందులో ఉన్నది నాటుకోడా, లేయరా, బ్రాయిలరా అని చెప్పాలి దానికి. ప్రోగ్రాం తన పని, ఫొటోలకు సరైన పేర్లు పెట్టే పని నాది. అందరి ఫోన్ల నుంచి అడిగి తెచ్చుకుంటే 412 ఫొటోలు తేలాయి. మూడు ఫోల్డర్లు పెట్టుకుని కూర్చున్నాను. కోడిని చూసి కోడి అని చెప్పడానికి కష్టమేముంది అనుకున్నాను.

సాయంత్రానికల్లా పని అయిపోయింది. తెల్లవి 168, రంగువి 244. రంగువన్నీ నాటు ఫోల్డర్లో వేశాను. తెల్లవాటిలో లావుగా ఉన్నవి బ్రాయిలర్లు, సన్నగా ఉన్నవి లేయర్లు. ఇంత తేలిగ్గా అయిపోయిందేంటి అని కొంచెం అనుమానం మాత్రం మిగిలింది.

2వ రోజు

అనుమానం నిజమే. బాబాయి ముప్పై ఏళ్లుగా నాటుకోళ్లు పెంచినవాడు. నాటు ఫోల్డర్ తెరిచి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. నాలుగో ఫొటో దగ్గరే ఆగిపోయాడు.

"ఒరేయ్, ఇది లేయర్ రా. ఎర్రగా ఉంటే నాటుదైపోతుందా?"

గుడ్ల ఫారాల్లో తెల్ల కోళ్లు మాత్రమే ఉంటాయని నేను అప్పటిదాకా అనుకున్నాను. గోధుమ రంగు గుడ్లు పెట్టే లేయర్లు చాలావరకు ఇటుక రంగులో ఉంటాయి. రోడ్ ఐలాండ్ రెడ్ అనే జాతి రక్తం వాటిలో ఎక్కువ. ఇక తెల్ల ఫోల్డర్లో మూడు ఫొటోలు చూపించి "ఇవి సేతువలు బాబూ" అన్నాడు. కోడిపుంజులకు రంగును బట్టి పేర్లు పెట్టే అలవాటు మనకు ఉందిగా, నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ అని. తెల్ల నాటుకోడి ఉంటుందని ఆ పేరే చెబుతోంది. పేరు తెలిసి కూడా ఫొటో చూసేటప్పుడు నాకు తట్టలేదు.

"మరి రంగు చూడకపోతే ఏం చూడాలి బాబాయ్?"

"ముందు కాళ్లు చూడు. తర్వాత తల చూడు. ఈకలు చివర్న చూడొచ్చులే."

మూడు ఫోల్డర్లూ ఖాళీ చేసి అన్నీ మళ్లీ ఒకే కుప్పలో పోశాను.

4వ రోజు: కాళ్లు

రెండు రోజులు కాళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు. ప్రతి ఫొటోలో మోకాలు కింది నుంచి వేళ్ల దాకా పొలుసులున్న భాగాన్ని కత్తిరించి పక్కన పెట్టుకున్నాను. చూసేవాళ్లు మోకాలు అంటారు గానీ నిజానికి అది కోడి మడమ. ఇలా ముక్కలుగా చూస్తుంటే మొత్తం కోడి ఉన్నప్పుడు కనబడనివి కనబడ్డాయి.

నాటుకోళ్ల కాళ్లకు ఒక రంగంటూ లేదు. పసుపు, తెలుపు, పలక రంగు, పచ్చి ఆలివ్ రంగు, దాదాపు నలుపు, అన్నీ ఉన్నాయి. ఒకే దొడ్లో తిరిగే నాలుగు పెట్టలకు నాలుగు రకాల కాళ్లున్న ఫొటో కూడా ఒకటి దొరికింది. తెల్ల లేయర్లకూ మామూలు బ్రాయిలర్లకూ మాత్రం పసుపే, ముదురో లేతో.

కారణం చదివితే ఆసక్తిగా అనిపించింది. కాలి రంగు రెండు పొరల్లో తయారవుతుంది. తిండిలో వచ్చే పసుపు పదార్థం, అంటే పచ్చగడ్డి, పసుపు మొక్కజొన్నల్లో ఉండేది, చర్మంలో నిలబడితే కాలు పసుపు. అది నిలవకపోతే తెలుపు. చర్మం లోపలి పొరలో నల్ల రంగు కూడా ఉంటే, పసుపు మీద అది ఆకుపచ్చగా కనిపిస్తుంది, తెలుపు మీద పలక రంగుగా కనిపిస్తుంది. పసుపు కాలికి కారణమైన జన్యువు ఇంటి కోళ్లలోకి ఎర్ర అడవికోడి నుంచి కాకుండా బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. ఆ బూడిద అడవికోడి మన దేశపు పక్షే, దక్షిణాదినా పడమటి అడవుల్లోనూ ఉంటుంది. అంటే ఫారం కోడి పసుపు కాళ్లకు మూలం ఇక్కడి అడవిలో ఉందన్నమాట.

దీంతో నాకు పనికొచ్చే సంగతి ఒకటి తేలింది. కాలి రంగు ఒకవైపే సాక్ష్యం చెబుతుంది. పలక రంగు, ఆకుపచ్చ, నలుపు కనిపిస్తే నాటుకోడి వైపు బాగా మొగ్గొచ్చు. పసుపు కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే మూడింటికీ పసుపు కాళ్లు ఉండొచ్చు. మొదట్లో "పసుపు అంటే ఫారం" అని రాసుకున్న గీతను ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

5వ రోజు

పసుపు కాళ్లవన్నీ మిగిలిపోయాయి కాబట్టి వాటిలో మందం చూశాను. కాలి పొడవును మధ్యలో వెడల్పుతో భాగిస్తే ఎంత వస్తుందో పిక్సెళ్లలో కొలిచాను. కోడి పక్కకు తిరిగి, కాలు నిటారుగా ఉన్న ఫొటోలు మాత్రమే తీసుకున్నాను. నా ఫొటోల్లో బ్రాయిలర్లకు 5 చుట్టూ, లేయర్లకు 8 దగ్గర వచ్చింది. నాటు పెట్టలు కూడా 7, 8 మధ్యే పడ్డాయి కాబట్టి ఈ కొలత బ్రాయిలర్‌ను విడదీయడానికే పనికొస్తుంది. బ్రాయిలర్ నిలబడే తీరులోనూ తేడా ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి, రొమ్ము ముందుకు వంచి, ఎప్పుడు కూర్చుందామా అన్నట్టు ఉంటుంది.

కోడి కెమెరాకు ఎదురుగా ఉంటే ఈ కొలత అబద్ధమాడుతుంది. ముందుకు జరిపిన కాలు పొట్టిగా, లావుగా పడుతుంది. అలాంటి ఫొటోల్లో కొలవడం మానేశాను.

8వ రోజు: తల

తల మీది ఎర్రటి జుట్టు చూడటం మొదలుపెట్టాను. ఎక్కువగా కనబడేది రంపపు పళ్లలా నిలబడే ఒంటి జుట్టు. లేయర్లు, బ్రాయిలర్లు, చాలా నాటుకోళ్లు అన్నిటికీ అదే. కాబట్టి దాని ఆకారం కంటే పరిమాణాన్నే ఎక్కువ నమ్మాలి.

తెల్ల లేయర్, అంటే వైట్ లెగ్‌హార్న్ రక్తపు పెట్టకు, గుడ్లు పెట్టే రోజుల్లో జుట్టు ఎంత పెరుగుతుందంటే నిలబడలేక ఒక కంటి మీదికి వాలిపోతుంది. దాని చెవితమ్మె కూడా తెల్లగా ఉంటుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే నాకిక కాళ్లు చూడాల్సిన అవసరం లేకపోయింది.

బ్రాయిలర్ సంగతి పూర్తిగా వేరు. ఫొటోలో మనం చూసే బ్రాయిలర్ పెద్ద కోడిలా ఉంటుంది గానీ అది ఆరు వారాల పిల్ల. రెండు కిలోల ఒళ్లు, తల మాత్రం పిల్లదే. జుట్టు చిన్నగా, లేత గులాబీ రంగులో, గొంతు కింద వేలాడే తోలు ఇంకా సరిగా దిగకుండా ఉంటుంది. ఒంటికీ తలకూ పొంతన కుదరకపోవడమే దాని ముఖ్యమైన గుర్తు. చెల్లెలికి చెబితే "పెద్దవాళ్ల చొక్కా వేసుకున్న పిల్లాడిలా అన్నమాట" అంది. ఆ మాట నోట్సులో అలాగే రాసుకున్నాను.

అసీల్ అనే పందెంకోడి జాతి తలను చూస్తే మాత్రం పొరపడే అవకాశం తక్కువ. తలకు అతుక్కున్నట్టు మూడు వరుసల బుడిపెలుగా ఉండే కురచ జుట్టు, గొంతు కింద దాదాపు ఏమీ లేకపోవడం, పొడవాటి మెడ, నిటారు నిలకడ. ఈ బుడిపెల జుట్టు జన్యుపరంగా ఒంటి జుట్టు మీద పైచేయిగా ఉంటుంది. అందుకే అసీల్ పుంజు పడిన దొడ్లో మామూలు పెట్టల పిల్లలకు కూడా ఆ కురచ జుట్టు వస్తుంది. బాబాయి కోళ్లలో సగానికి అదే.

పెట్టల జుట్టుతో ఒక ఇబ్బంది ఉంది. గుడ్లు ఆపేసి పొదిగేటప్పుడు, ఈకలు రాల్చేటప్పుడు జుట్టు ముడుచుకుని రంగు తగ్గిపోతుంది. లేయర్‌కు కూడా అంతే. కాబట్టి పెద్ద జుట్టు లేయర్ అని చెబుతుంది గానీ, చిన్న జుట్టు లేయర్ కాదని చెప్పదు. మళ్లీ అదే కథ, ఒకవైపు సాక్ష్యం.

9వ రోజు

చెల్లెలు నా నోట్సు చూసి ఇవన్నీ ఒక వరుసలో రాసిపెట్టమంది. రాత్రి కూర్చుని రాశాం.

```python
def decide(leg, beak, comb, body):
    if leg in ("slate", "green", "black"):
        return "natu"
    if beak == "cut":
        return "layer"
    if comb == "small" and body == "heavy":
        return "broiler"
    if comb == "pea" and body != "heavy":
        return "natu"
    if comb == "flop":
        return "layer"
    return "unsure"
```

pea అంటే బుడిపెల జుట్టు. ఒళ్లు బరువుగా లేకపోతేనే అని దానికి షరతు పెట్టడానికి కారణముంది. బ్రాయిలర్ల పూర్వీకుల్లో కార్నిష్ అనే జాతి ఉంది, దానికి బుడిపెల జుట్టు ఉంటుంది. ఇంగ్లండులో ఆ జాతిని తయారుచేసింది అసీల్ రక్తంతోనే. అందుకే ఒళ్లు బరువుగా ఉన్న తెల్ల కోడికి ఈ గుర్తు ఒక్కటీ చూసి నాటు అనే పేరు పెట్టకూడదనుకున్నాను.

ఇక ఆ beak == "cut" సంగతి. పంజరాల్లో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారం లేయర్లకు పిల్లప్పుడే ముక్కు కొస తీసేస్తారు. పై ముక్కు మొద్దుగా, కింది ముక్కు కంటే పొట్టిగా కనిపిస్తుంది. దొడ్లో పుట్టి పెరిగిన నాటుకోడికి ఈ పని ఎవరూ చేయరు. ఆరు వారాల్లో వెళ్లిపోయే బ్రాయిలర్‌కూ మామూలుగా చేయరు. ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ముక్కు నా జాబితాలోనే లేదు. ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దాన్నే. కాకపోతే ముక్కు కొస కనబడాలంటే ఫొటో దగ్గర నుంచి తీసి ఉండాలి. నా దగ్గరున్న వాటిలో మూడో వంతులోనే అది స్పష్టంగా ఉంది.

12వ రోజు: దొడ్లో ఉన్న లేయర్

ఇవాళ బాగా దెబ్బతిన్నాను. ఒక పెట్ట ఫొటో. పేడకుప్ప, పక్కన గడ్డివాము, చుట్టూ మూడు నాటుకోళ్లు. ఈకలు చెదిరి, తోక విరిగి, గోధుమ రంగులో ఉంది. కాళ్లు తెల్లగా ఉన్నాయి. మొదటి రోజు నాటు అన్నాను, రెండోసారి చూసినప్పుడూ నాటే అన్నాను. ఇవాళ ముక్కు కోసం పెద్దది చేసి చూస్తే కొస లేదు. జుట్టు కూడా ఒక పక్కకు వాలి ఉంది. ఫారంలో గుడ్లు తగ్గాక అమ్మేసిన కోడిని ఎవరో తెచ్చి పెంచుకుంటున్నారు.

మరి కాళ్లు పసుపు కాకుండా తెల్లగా ఎందుకున్నాయి? గుడ్డు సొనలోకి వెళ్లేది కూడా ఆ పసుపు పదార్థమే. పెట్ట గుడ్లు పెట్టడం మొదలయ్యాక కొత్త పసుపు చర్మానికి కాకుండా సొనకు పోతుంది. ముందు గుడ్డు బయటికొచ్చే చోటు చుట్టూ రంగు వెలుస్తుంది, తర్వాత కంటి అంచు, చెవితమ్మె, ముక్కు, అన్నిటికంటే చివర కాళ్లు. కాళ్లు పూర్తిగా తెల్లబడటానికి నాలుగైదు నెలలు నిండా గుడ్లు పెట్టి ఉండాలి. అంటే ఆ తెల్ల కాళ్లు నాటుకోడి గుర్తు కానే కాదు, అది చాలా గుడ్లు పెట్టిన కోడి అనడానికి గుర్తు. నేను దాన్ని సరిగ్గా తలకిందులుగా చదివాను.

అసలు నన్ను మోసం చేసింది కోడి కంటే ముందు పేడకుప్ప. చెల్లెలు కూడా అదే అంది, "అన్నయ్యా, నువ్వే నేల చూసి పేరు పెడితే నా ప్రోగ్రాం కూడా నేల చూసి చెప్పడమే నేర్చుకుంటుంది" అని. 60 ఫొటోలు తీసుకుని కోడి చుట్టూ ఉన్నదంతా బూడిద రంగుతో కప్పేశాను. వారం ఆగి, పాత పేర్లు చూడకుండా మళ్లీ పేర్లు పెట్టాలి.

15వ రోజు: వెలుతురు

చిన్న విషయమే గానీ చాలా ఫొటోలను చెడగొట్టింది. సాయంత్రపు ఎండలో తెల్ల కాళ్లు పసుపుగా పడతాయి. నీలం టార్పాలిన్ కింద పసుపు కాళ్లు ఆకుపచ్చగా పడతాయి, నా మొదటి నిబంధన వెంటనే నాటు అనేస్తుంది. తెల్ల ఈక ఉన్న కోడి అయితే GIMP అనే ఫొటోలు సరిదిద్దే ప్రోగ్రాంలో Levels తెరిచి, నీడ పడని తెల్ల ఈకను తెల్లటి బిందువుగా ఎంచుకుంటే కాళ్ల రంగు చాలావరకు దారికొస్తుంది. ఆ కోడికి తెల్ల ఈక లేకపోతే పక్కనున్న ఇంకో కోడిదో, సున్నం గోడదో పనికొస్తుంది. అదీ లేని ఫొటోల్లో కాలి రంగు గడి ఖాళీగా వదిలేశాను. ఇంకో సంగతి, బురద. ఎండిన బురద పలక రంగులోనే ఉంటుంది. వేళ్ల మధ్య, పొలుసుల అంచుల్లో రంగు మారుతోందా అని చూడాలి. ఒంటి రంగైతే మడమ దాకా ఒకేలా ఉంటుంది, బురదైతే ఒక గీత దగ్గర ఆగిపోతుంది.

18వ రోజు: 143వ ఫొటో

నల్ల కోడి, పలక రంగు కాళ్లు, ముక్కు కొస చక్కగా ఉంది, నిటారుగా ఒంటి జుట్టు. నిబంధన మొదటి వరుసలోనే నాటు అని తేల్చేసింది. నాకూ అభ్యంతరం లేదు. కాకి అనుకున్నాను.

బాబాయి కొంచెంసేపు చూసి "ఇది మన కాకిలా లేదురా, మరీ గుండ్రంగా ఉంది" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేకపోయాడు. ఫొటో పంపినవాళ్లను అడిగితే అదే రోజు తీసిన మిగతా ఫొటోలు పంపారు. వాటిలో ఇరవై కోళ్లు, ఇరవయ్యీ అచ్చు ఇలాగే ఉన్నాయి. ఆకుపచ్చ మెరుపున్న నలుపు, ఒక్క రంగు ఈక లేదు, అన్నిటికీ పలక రంగు కాళ్లే. బ్లాక్ ఆస్ట్రలార్ప్ అనే జాతి అది. ఆస్ట్రేలియాలో గుడ్ల కోసం తయారైంది. మన దగ్గర పెరటి పెంపకానికి కూడా ఇస్తుంటారు.

దీని తర్వాత రెండు మార్పులు చేశాను. ఒకటి, పలక రంగు కాళ్లు ఉండి ఒళ్లంతా నల్లగా, గుండ్రంగా, ఒంటి జుట్టుతో ఉంటే నాటు అనకుండా తెలియదు అనాలి. రెండు, ఫొటోలోంచి కోడి భాగాన్ని కత్తిరించుకునే ముందు మొత్తం ఫొటో చూసి మందలో తేడాలున్నాయా అనే గడి నింపాలి. మంద అంతా ఒకేలా ఉంటే అవి ఎక్కడో పొదిగించి తెచ్చిన జాతి కోళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. నాటు మందలో రెండు కోళ్లు ఒకేలా ఉండటమే అరుదు. ఈకల గురించి నేను నేర్చుకున్న వాటిలో నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే. ఒక్క కోడి రంగు చూస్తే ఏమీ తేలదు, పది కోళ్ల రంగులు పక్కపక్కన చూస్తే చాలా తేలుతుంది. 12వ రోజు నేల చూడొద్దనుకున్నాను, ఇప్పుడు మందను చూడాలంటున్నాను. రెండింటికీ తేడా ఉంది. పేడకుప్ప కోడి గురించి చెప్పదు, దాని తోబుట్టువులు చెబుతాయి.

21వ రోజు

వనరాజా, గ్రామప్రియ లాంటివి ఎక్కడ పెట్టాలి అన్నది మూడు రోజులు తేలలేదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలివి. నాటుకోడిలా కనబడాలనే రంగు ఈకలతో తయారుచేశారు. ఈకల మీద ఆధారపడితే ఓడిపోవడం ఖాయం, జుట్టూ ఒంటిదే, ముక్కూ మామూలుగానే ఉంటుంది. నా దగ్గరున్న వనరాజా ఫొటోల్లో కాళ్లు నాటు పెట్టలకంటే లావుగా, ఒళ్లు వెడల్పుగా ఉన్నాయి. ఆ తేడా కూడా పక్కన నాటుకోడి నిలబడి ఉన్నప్పుడే తెలుస్తోంది.

మూడు పేర్లలో ఒకదాంట్లోకి వీటిని తోసేయడం నాకు ఇష్టం లేదు. తెచ్చినవాళ్లు రకం పేరు చెప్పగలిగితే ఆ పేరు ఇంకో గడిలో రాసి, ప్రధాన పేరు తెలియదు అని పెట్టాను. చెల్లెలికి ఇది నచ్చలేదు. "తెలియదు ఎక్కువైతే నాకు ఫొటోలు తగ్గిపోతాయి" అంది. తగ్గితే తగ్గనీ అన్నాను.

24వ రోజు

చుట్టూ కప్పేసిన 60 ఫొటోలకు మళ్లీ పేర్లు పెట్టాను. 9 మారాయి. వాటిలో 6 ముందు నాటు అన్నవి, ఇప్పుడు రెండు లేయర్‌లోకి, నాలుగు తెలియదులోకి వెళ్లాయి. మిగతా మూడు తెల్లవి, లేయరా బ్రాయిలరా అన్న దగ్గర తడబడ్డాను. మూడింటిలోనూ కోడి కూర్చుని ఉంది. కాళ్లు ఒంటి కింద దాగిపోయి, తల పక్కకు తిరిగి ఉంది. ఫారంలో షెడ్డు కనిపిస్తుంటే బ్రాయిలర్ అని ధీమాగా రాశాను, షెడ్డు తీసేస్తే ధీమా కూడా పోయింది.

ఇవాళ్టికి లెక్క ఇలా ఉంది. నాటు 171, లేయర్ 118, బ్రాయిలర్ 84, తెలియదు 39. ఆ 39లో 14 నెల లోపు పిల్లలు. వాటికి జుట్టు రాలేదు, ఈకలు సగమే వచ్చాయి, కాళ్లన్నీ లేత పసుపు. బాబాయికి చూపిస్తే "తల్లి ఏది?" అని అడిగాడు. ఫొటోలో తల్లి లేదు. వాటిని తీసేసి 398తో చెల్లెలికి ఇచ్చాను. తెలియదు అన్న మిగతా 25 మాత్రం తీయొద్దన్నాను, తన ప్రోగ్రాం వాటిని చూసి ఏమంటుందో నాకు తెలుసుకోవాలనుంది.